రేయాన్ కుర్తీలు ఒక్క ఉతుకుకే మూడంగుళాలు పొట్టి అయ్యాయి, పక్క కుట్టు ముందుకు తిరిగింది: తప్పు గుడ్డదా, నా కత్తెరదా?

కావలి కుట్టుమిషన్ | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కావలిలో చిన్న కుట్టు షాపు నాది, రెండు మిషన్లు. మార్చిలో ఒక గృహప్రవేశానికి ఒకే ప్రింటులో 11 కుర్తీలు కావాలని ఒక కుటుంబం ఆర్డర్ ఇచ్చింది. నెల్లూరులో హోల్‌సేల్ షాపు నుంచి 30 మీటర్ల తాను తెచ్చాను. 14 కేజీ రేయాన్ అన్నారు. కుర్తీకి రెండున్నర మీటర్లు చొప్పున కోసి, పొడవు 46 అంగుళాలు వచ్చేలా కుట్టి ఇచ్చాను. ఫంక్షన్ రోజు అందరూ బాగున్నాయన్నారు.

రెండు వారాల్లో ఒక్కొక్కటీ వెనక్కి వచ్చింది. కొలిస్తే పొడవు 43 అంగుళాలే ఉంది. ఛాతీ చుట్టు 40 పెట్టినది 39కి వచ్చింది. అంతకంటే బాధ ఏమిటంటే కింద ఒక పక్క కుట్టు ఒకటిన్నర అంగుళం ముందుకు వచ్చింది, రెండో పక్కది వెనక్కి పోయింది. వేసుకుంటే కుర్తీ ఒంటి మీద తిరిగినట్టు కనిపిస్తోంది.

బిల్లు మీద రేయాన్ అని ఉంది, తాను చివర అంటించిన కాగితం మీద విస్కోస్ అని ఉంది. రెండూ వేరువేరా? నాకు వేరే గుడ్డ ఇచ్చి మోసం చేశారా? ఇంకో షాపులో అడిగితే "మోడల్ అనే రకం గుడ్డ తీసుకోండి, అది అసలు కుంచించుకోదు" అన్నారు, రేటు దాదాపు రెట్టింపు. వచ్చే నెల ఇంకో ఆర్డర్ ఉంది. రాత్రిళ్లు ఇదే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

సింగరాయకొండ వాసు | శనివారం రాత్రి 10:05

అక్కా, రేయాన్ అంటే ప్లాస్టిక్ దారం. కెమికల్‌తో చేస్తారు. మన ఎండకి మేడ మీద ఆరేస్తే వేడికి ముడుచుకుపోతుంది, కవరు మంట దగ్గర పెడితే ముడుచుకున్నట్టు. మీ కస్టమర్లు మిట్టమధ్యాహ్నం ఎండలో వేసుంటారు. నీడలో ఆరేయమనండి. కుట్టే ముందు రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెడితే సరిపోతుంది. మా అమ్మ అట్టాగే చేస్తుంది.

ఒంగోలు స్టెంటర్ | శనివారం రాత్రి 11:20

అమ్మా, నేను తిరుపూరు వైపు ప్రాసెసింగ్ యూనిట్లలో 19 ఏళ్లు పనిచేశాను. ఎక్కువ కాలం ఫినిషింగ్‌లో, స్టెంటర్ మిషన్ మీద. ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నాను. మీరు కొలతలు రాశారు కాబట్టి సూటిగా చెప్పగలను.

ముందు పేరు సంగతి. మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. మన బజారులో రేయాన్ అని అమ్మేది దాదాపు అంతా విస్కోసే. రేయాన్ ఇంటిపేరు లాంటిది, విస్కోస్ అందులో ఒకరు. మోడల్ కూడా ఆ ఇంటిదే. మూడింటికీ మూలం చెట్టు గుజ్జు. 14 కేజీ అంటే వంద మీటర్ల గుడ్డ 14 కేజీలు తూగుతుందని వ్యాపారుల లెక్క. అది బరువు చెబుతుంది గానీ గుడ్డ కుంచించుకుంటుందో లేదో చెప్పదు.

వాసు తమ్ముడూ, రేయాన్ ప్లాస్టిక్ కాదు. దారం పోగు వెలిగించి చూడు. కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద రాలుతుంది, ముద్ద కట్టదు. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. కెమికల్‌తో చేస్తారన్నది మాత్రం నిజం. గుజ్జును కాస్టిక్ సోడాలో, కార్బన్ డైసల్ఫైడ్‌లో కరిగించి, సన్న రంధ్రాల గుండా యాసిడ్ తొట్టెలోకి తోసి దారం చేస్తారు. అయినా చివరికి మిగిలేది పత్తిలో ఉండే సెల్యులోజే. దాన్ని ముడిచేది ఎండ కాదు, నీళ్లు.

ఎలాగంటే, ఈ దారం నీళ్లు బాగా తాగుతుంది, పత్తి కంటే ఎక్కువ. తాగినప్పుడు పొడవు పెద్దగా పెరగదు, లావు పెరుగుతుంది. నేత గుడ్డలో ప్రతి పడుగు పోగూ పేక పోగు మీదుగా ఎక్కి దిగుతూ పోతుంది కదా. సన్న కట్టె మీదుగా వంపు తిరిగిన తాడు, ఆ కట్టె లావైతే ఎక్కువ పొడవు తినేస్తుంది. తాడు సాగదు కాబట్టి దాని రెండు చివరలూ దగ్గరికి వస్తాయి. అలా గుడ్డ కురచవుతుంది. ఆరాక పోగు మళ్లీ సన్నబడుతుంది గానీ, కొత్త చోట కుదురుకున్న పోగుల్ని వెనక్కి నెట్టేవాళ్లు ఉండరు. అందుకే కురచగానే ఉండిపోతుంది.

రెండో కారణం మా చేతి పని. తడి విస్కోస్ చాలా బలహీనం. పొడిగా ఉన్నప్పటి బలంలో దాదాపు సగం పోతుంది, కొంచెం లాగినా సాగుతుంది. రంగు, ప్రింటు, ఉతుకు, ఆరుదల అన్నీ వరుస మిషన్లలో గుడ్డను పొడవునా లాగుతూ సాగుతాయి. చివర స్టెంటర్‌లో రెండు అంచులూ పిన్నులకు తగిలించి వెడల్పుకు లాగి వేడి గాలిలో ఆరబెడతాం. సాగిన కొలతలోనే ఆరిపోతుంది. అలా దాచిన పొడవును ఇంట్లో మొదటి బకెట్ నీళ్లు విడిపిస్తాయి. మీకు వెడల్పు కంటే పొడవు ఎక్కువ తగ్గింది ఇందుకే. మీటర్లలో అమ్మే గుడ్డను పొడవునా లాగితే మిల్లుకు లాభం కూడా. అందరూ కావాలని చేస్తారని అనను, నా కళ్లతో చూసిన చోట్లు మాత్రం ఉన్నాయి.

వెంకటగిరి మగ్గం | ఆదివారం ఉదయం 6:50

అన్న చెప్పిన పడుగు లాగుడు సంగతి అక్షరాలా నిజం. మగ్గం మీద నుంచి దించిన గుడ్డ ఒక రాత్రి ఊరికే ఉంచితేనే కొంచెం తగ్గుతుంది. మా నాన్న మగ్గం మీద కొలిచిన కొలత ఎప్పుడూ నమ్మేవాడు కాదు.

మెలి గురించి మాత్రం నేను చెబుతాను. అది దారం పురిలో ఉంది. పురి ఎక్కువ ఎక్కిన దారం తడవగానే విప్పుకోవాలని చూస్తుంది, గుడ్డను తనతో తిప్పుతుంది. తక్కువ రకం ఒంటి పోగు వాడి ఉంటారు. జంట పోగు గుడ్డ అడిగి తీసుకోండి, తిరగదు.

నెల్లూరు లావణ్య | ఆదివారం ఉదయం 9:15

మోడల్ గురించి నేను చెబుతాను, సొంతంగా అనుభవించాను. మోడల్ అని చూసి రెండు టీషర్టులు, ఒక లెగ్గింగ్స్ కొన్నాను. మెత్తగా ఉంటాయి, రంగు కూడా పోలేదు. మూడు నెలల్లో టీషర్టు పక్క కుట్టు పొట్ట మీదకు వచ్చేసింది. లెగ్గింగ్స్‌లో ఒక కాలి కుట్టు మోకాలి దగ్గర నుంచి తిరిగి మడమ దగ్గర ముందుకు వచ్చింది. పొడవు మాత్రం పెద్దగా తగ్గలేదు. కాబట్టి మోడల్ అసలు ఏమీ అవ్వదని చెప్పేవాళ్లను నమ్మొద్దు అక్కా.

కందుకూరు రమణయ్య | ఆదివారం ఉదయం 9:50

రంగు పోకుండా ఉండాలంటే మొదటిసారి వేరుగా చల్లనీళ్లలో జాడించాలి. ముదురు రంగులు తెల్లబట్టలతో కలపకూడదు. షాపువాళ్లు ఇవన్నీ చెప్పరు.

కావలి కుట్టుమిషన్ | ఆదివారం ఉదయం 10:10

రమణయ్య గారూ, రంగు బాగానే ఉందండీ. నా బాధ కొలతతోనే. లావణ్యా, భలే సమయానికి చెప్పావమ్మా, నేను మోడల్‌కి అడ్వాన్స్ ఇవ్వబోతున్నాను.

ఒంగోలు స్టెంటర్ | ఆదివారం మధ్యాహ్నం 1:30

మగ్గం తమ్ముడి మాటా, లావణ్య గారి అనుభవమూ ఒకే విషయం. అది కుర్తీ విషయం మాత్రం కాదు. ఈ రెండూ కలిపేస్తే మందు తప్పుతుంది.

టీషర్టు, లెగ్గింగ్స్ అల్లిక గుడ్డ. ఒకే దారం ఉచ్చులుగా అల్లుకుని ఉంటుంది, ఉచ్చు అంటే వదులు. దారంలో మిగిలిన పురి విప్పుకోవాలని చూస్తే ఉచ్చు ఒక పక్కకు ఒరుగుతుంది. వేల ఉచ్చులు ఒకే వైపు ఒరిగితే గుడ్డంతా మెలి తిరుగుతుంది, కుట్టు పొట్ట మీదకు వస్తుంది. ఇక్కడ పురి మాట నూటికి నూరు పాళ్లు నిజం. జంట పోగు వాడితే తగ్గుతుందన్నదీ నిజమే, ఎందుకంటే రెండు పోగుల్నీ కలిపేటప్పుడు ఎదురు పురి ఎక్కిస్తారు. ఇంటర్‌లాక్, రిబ్ అల్లికల్లో ఉచ్చులు రెండు వైపులా ఉండి ఒకదాని ఒరుగును ఒకటి ఆపుతాయి. ఇది పత్తి అయినా మోడల్ అయినా ఒకటే. పీచు మారినంత మాత్రాన పురి పోదు.

మోడల్ గొప్పతనం తడి బలంలో ఉంది. విస్కోస్ దారాన్నే ఇంకా క్రమంగా సాగదీసి, లోపల అమరిక గట్టిగా ఉండేలా తయారు చేస్తారు. తడిసినప్పుడు తక్కువ సాగుతుంది, తక్కువ ఉబ్బుతుంది, అందుకే పొడవు తక్కువ పోతుంది. లావణ్య గారి టీషర్టు పొడవు నిలిచి, కుట్టు తిరగడం సరిగ్గా ఇదే చెబుతోంది.

మీ కుర్తీ నేత గుడ్డ. అందులో పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, దారం పురి అంత తేలిగ్గా గుడ్డను తిప్పలేదు. నేత గుడ్డలో మెలికి నేను చూసినంతలో రెండే కారణాలు. ఒకటి, స్టెంటర్‌లో ఒక అంచు ముందు, ఒక అంచు వెనక నడిస్తే పేక పోగు ఏటవాలుగా పడి అలాగే ఆరిపోతుంది. లేదా నేతలోనే ఉన్న వంపును మిషన్ బలవంతంగా నిటారు చేసి ఆరబెడుతుంది, ఉతికితే పాత వంపుకు పోతుంది. రెండు, కోసేటప్పుడు పడుగు దారికి ఏటవాలుగా కోయడం. మొదటిది మిల్లు తప్పు, రెండోది దర్జీ తప్పు. ఏమీ అనుకోకండి అమ్మా, రెండూ చూడాలి.

తాను ముక్క మిగిలి ఉంటే ఒక పరీక్ష చేయండి. 70 సెంటీమీటర్ల ముక్క తీసుకుని అంచులు ఓవర్‌లాక్ చేయండి. మధ్యలో 50 కి 50 చతురస్రం గీయండి, ఒక వైపు గుడ్డ అంచుకు సమాంతరంగా ఉండాలి. మూలల్లో రంగు దారంతో గుర్తు కుట్టండి, పెన్ను పోతుంది. మీ కస్టమర్లు ఎలా ఉతుకుతారో అలాగే ఉతకండి. పిండి వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టండి, లేకపోతే నీటి బరువుకే సాగుతుంది. ఇస్త్రీ పెట్టెను జరపకుండా ఒత్తి తీయండి. అప్పుడు నాలుగు వైపులూ, మూల నుంచి మూలకు రెండు గీతలూ కొలవండి. రెండోసారి కూడా ఉతకండి.

సింగరాయకొండ వాసు | ఆదివారం మధ్యాహ్నం 2:00

అన్నా, వెలిగించి చూశాను, కాగితం వాసనే వచ్చింది. ప్లాస్టిక్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మరి ఉప్పునీళ్ల సంగతి?

ఒంగోలు స్టెంటర్ | ఆదివారం మధ్యాహ్నం 2:25

నానబెట్టడం మంచిదే తమ్ముడూ. మీ అమ్మగారు చేసే పనిలో మేలు చేసేది నీళ్లు. ఉప్పు వల్ల గుడ్డ కొలత మారదు.

కావలి కుట్టుమిషన్ | బుధవారం రాత్రి 8:30

చేశాను అన్నా. మొదటి ఉతుకు తర్వాత పొడవు 47.5, అడ్డం 49.3. రెండో ఉతుకు తర్వాత పొడవు 47, అడ్డం 49. మనసు ఆగక మూడోసారి కూడా ఉతికాను, టేపుకు తేడా తెలియలేదు. మూల నుంచి మూలకు ఒక గీత 69, ఇంకొకటి 66.8. ఉతకక ముందు రెండూ దాదాపు 70.7 ఉన్నాయి.

ఒంగోలు స్టెంటర్ | బుధవారం రాత్రి 9:45

ఎంత శ్రద్ధగా చేశారమ్మా. పొడవు 50కి 3 తగ్గింది, అంటే 6 శాతం. 46 అంగుళాలకు 6 శాతం తీస్తే 43 చిల్లర. మీ కుర్తీ కొలత అదే. అడ్డం 2 శాతం, 40కి 39 చిల్లర. అదీ అదే. పొడవు విషయంలో కుట్టు తప్పు ఏమీ లేదు.

ఇప్పుడు మూలగీతలు. గుడ్డ కుంచించుకుని నిటారుగానే ఉంటే రెండు గీతలూ సమానంగా, 67.9 దగ్గర ఉండాలి. ఒకటి పెరిగి ఒకటి తగ్గిందంటే చతురస్రం ఒక పక్కకు ఒరిగింది. లెక్క వేస్తే 47 సెంటీమీటర్ల పొడవులో ఒకటిన్నర సెంటీమీటర్ల ఒరుగు. అదే వాటాన 43 అంగుళాల కుర్తీకి కింది అంచు దగ్గర దాదాపు 1.4 అంగుళాలు. మీరు ఒకటిన్నర అన్నారు. ఉతకక ముందు గీతలు సమానంగా ఉన్నాయి కాబట్టి, ఈ ఒరుగు గుడ్డలో దాగి ఉండి నీళ్లకు బయటపడింది.

ఇంకో ప్రశ్న. పదకొండూ ఒకే వైపు తిరిగాయా? గుడ్డ తప్పయితే ముక్కను తలకిందులు చేసి కోసినా ఒకే వైపు తిరుగుతుంది. కత్తెర తప్పయితే ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది.

పొదిలి రెడీమేడ్ | గురువారం ఉదయం 11:00

ఇవన్నీ వినడానికి బాగున్నాయి గానీ, షాపు నడిపేవాళ్ల బాధ వేరు. తాను ఉతికితే నిగనిగ పోతుంది, గంజి పోయి పీలగా అవుతుంది. కస్టమర్ పాత గుడ్డ అనుకుంటారు. నీళ్లు, మనిషి, ఇస్త్రీ ఖర్చు ఎవరిస్తారు? నేను కింద రెండంగుళాలు లోపలికి మడత వదులుతాను. కురచైతే విప్పి ఇస్తాను. ఇన్నేళ్లలో ఎవరూ గొడవ పెట్టలేదు.

ఒంగోలు స్టెంటర్ | గురువారం మధ్యాహ్నం 12:40

మీ పద్ధతి పొడవుకు పనికొస్తుందండీ, కాదనను. ఛాతీ కొలతకు, భుజానికి పనికిరాదు. మెలికి అసలు పనికిరాదు. మడత విప్పినా కుట్టు తిరిగే ఉంటుంది.

నీళ్లకు ఎంత గుడ్డ పోతుందో చూద్దాం. 30 మీటర్లకు 6 శాతం అంటే 1.8 మీటర్లు. 28.2 మిగులుతుంది. ఆమెకు కావలసింది పదకొండు రెండున్నరలు, 27.5. ముందే తడిపి ఉంటే అదే తానులో పని అయిపోయేది.

కుట్టే ముందు తానును వదులు మడతలుగా పెద్ద తొట్టెలో గోరువెచ్చని నీళ్లలో ఒక గంట ముంచండి, పైన తేలకుండా చూడండి. మెలిపెట్టి పిండవద్దు, తడి రేయాన్ పోగు తెగుతుంది. నీళ్లు వాడ్చి, రెండు మూడు తాళ్ల మీద బరువు పంచుకునేలా వేయండి, లేదా మేడ మీద చాప వేసి పరచండి. కొంచెం చెమ్మ ఉండగానే పడుగు దారిన ఇస్త్రీ చేయండి, లాగకండి. ఒక్క తడుపుతో అంతా రాదు. ఆమె పరీక్షలో కూడా మొదటిసారి 5 శాతం, రెండోసారి ఇంకో శాతం తగ్గింది. అందుకే ముందే తడిపినా లోపల ఒక అంగుళం మడత వదలండి. మీ పద్ధతీ నా పద్ధతీ కలిపినట్టు.

తర్వాత అడ్డంగా చిన్న గాటు పెట్టి గుడ్డను చించండి, పేక పోగు వెంటే చిరుగుతుంది. అప్పుడు రెండు అంచులూ కలిపి మడవండి. చిరిగిన మూలలు కలిస్తే గుడ్డ నిటారు. కలవకపోతే చెమ్మగా ఉన్నప్పుడే ఏటవాలుగా ఇద్దరు పట్టుకుని ఎదురు దిశలో లాగి సరిచేయండి. ప్రింటు గీతను చూసి కోయవద్దు, ప్రింటు కూడా వంకరగా పడి ఉండొచ్చు.

నెల్లూరు లావణ్య | గురువారం రాత్రి 8:10

అన్నా, ఇప్పటికే కురచైపోయినవి మళ్లీ సాగుతాయా? ఇంకోటి, మోడల్ అని అమ్మేది నిజంగా మోడలే అని ఎలా తెలుస్తుంది?

ఒంగోలు స్టెంటర్ | గురువారం రాత్రి 9:30

చెమ్మగా ఉన్నప్పుడు ఆవిరి ఇస్త్రీతో మెల్లగా లాగితే ఒక అంగుళం, ఒకటిన్నర అంగుళం రావచ్చు. మళ్లీ ఉతికితే మళ్లీ పోతుంది. ఒక రోజు ఫంక్షన్‌కు పనికొస్తుంది, అంతే.

మోడలా విస్కోసా అన్నది ఇంట్లో తేల్చలేం. రెండూ ఒకేలా కాలుతాయి. పత్తికీ విస్కోస్‌కీ తేడా మాత్రం తెలుస్తుంది. ఒక పోగు లాగి మధ్యలో నాలుకతో తడిపి రెండు చివరలూ లాగండి. తడి చోటే పుటుక్కున తెగితే రేయాన్. పత్తి తడిస్తే ఇంకా గట్టి పడుతుంది, వేరే చోట తెగుతుంది.

వెంకటగిరి మగ్గం | శుక్రవారం ఉదయం 7:20

పోగు తడిపి తెంపడం మా ఇంట్లోనూ చేసేవాళ్లం. నేత గుడ్డలో పురి పని ఏమీ లేదంటే మాత్రం ఒప్పుకోలేను అన్నా. క్రేప్ గుడ్డ ముడతలన్నీ పురి వల్లే కదా.

ఒంగోలు స్టెంటర్ | శుక్రవారం ఉదయం 8:00

క్రేప్ విషయంలో నువ్వే కరెక్ట్ తమ్ముడూ. అందులో పురి చాలా ఎక్కువ ఎక్కిస్తారు, నేత గుడ్డైనా నీళ్లు తగలగానే ముడుచుకుంటుంది. మామూలు 14 కేజీ రేయాన్‌లో అంత పురి ఉండదు. నేను అందరికీ కలిపి రాశాను, అది నా పొరపాటు.

కావలి కుట్టుమిషన్ | శుక్రవారం రాత్రి 9:00

పదకొండూ తెప్పించి వరుసగా పరిచి చూశాను. తొమ్మిది ఒకే వైపు తిరిగాయి. రెండు మాత్రం పొడవు తగ్గాయి గానీ తిరగలేదు. ఆ రెండూ తాను చివర కోసినవని గుర్తు.

ఒకటి ఒప్పుకోవాలి. నేను నాలుగు మడతలు కలిపి కోశాను, మూలలు కలిశాయో లేదో చూడలేదు. హోల్‌సేల్ షాపులో పరీక్ష ముక్క చూపించాను. పొడవు తగ్గడం రేయాన్‌కి మామూలే అన్నారు. మెలి మాత్రం కోతదే అంటున్నారు, ఆ తిరగని రెండింటినే చూపించి.

కస్టమర్లకు కింద అదే రంగు గుడ్డతో మూడంగుళాల పట్టీ వేసి ఇస్తున్నాను, డబ్బు తీసుకోవడం లేదు. వచ్చే నెల ఆర్డర్‌కు రేయానే తెచ్చాను, తాను ఇప్పుడు తొట్టెలో ఉంది. అన్నా, తాను మొదట్లో ఒరుగు ఉండి చివర లేకపోవడం మిల్లులో జరుగుతుందా?

ఒంగోలు స్టెంటర్ | శుక్రవారం రాత్రి 10:15

జరుగుతుందమ్మా. స్టెంటర్ ముందు నిలబడ్డ మనిషి మధ్యలో వంపు గమనించి సరిచేస్తే అక్కడి నుంచి నిటారుగా వస్తుంది. రెండు ముక్కలు కలిపి కుట్టి నడిపినా అలాగే ఉంటుంది. తాను చివర ముక్క ఏమైనా మిగిలితే దాని మీద కూడా చతురస్రం గీసి ఉతకండి. అది ఒరగకపోతే షాపువాళ్లకు చూపించడానికి మీ చేతిలో రెండు ముక్కలు ఉంటాయి. కోసిన మిగులు పారేశారా?

కావలి కుట్టుమిషన్ | శుక్రవారం రాత్రి 10:22

మూట కట్టి పైన పెట్టాను అన్నా. పొద్దున్నే దించి వెతుకుతాను.